మీటరు చెప్పే లెక్క, బండి చెప్పే లెక్క

సెకండ్ హ్యాండ్ బైకు చూడటానికి వెళ్లిన ఎవరి చూపైనా ముందు మీటరు మీదికే పోతుంది. ధర కూడా చాలావరకు ఆ అంకెను బట్టే తేలుతుంది. కానీ బండి మొత్తంలో తేలిగ్గా మార్చగలిగిన అంకె కూడా అదే. బండి వయసు, తిరిగిన దూరం, తగిలిన దెబ్బలు ఇంకా చాలా చోట్ల నమోదై ఉంటాయి. ఛాసిస్ మీద, ఇంజన్ కేసింగ్ మీద, టైర్ల అంచున, బ్రేక్ పెడల్ మీద, హ్యాండిల్ తిరిగే చోట, ఇన్సూరెన్స్ కాగితంలో అవి కనిపిస్తాయి. వీటన్నిటినీ ఒకే కథకు సరిపోయేలా మార్చాలంటే అయ్యే ఖర్చు బండి ధరను మించిపోతుంది, అందుకే ఎవరూ ఆ పని చేయరు. కాబట్టి పరీక్షలో అసలు పని ఈ లెక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అవి ఎక్కడ పొసగడం లేదో పట్టుకోవడమే.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే బండినే ఉదాహరణగా తీసుకుందాం. 2018 ఆగస్టులో రిజిస్టరైన స్ప్లెండర్ ప్లస్. బీఎస్ 4 కాలం నాటిది, కార్బురేటర్ ఇంజన్, ముళ్ల మీటరు. మీటరులో 21,640 కిలోమీటర్లు ఉన్నాయి. ఏడేళ్లు నిండిన ఈ బండి గురించి అమ్మే మనిషి చెప్పేది ఒకటే: సింగిల్ ఓనర్, ఇంటి నుంచి ఆఫీసుకు తప్ప వాడలేదు. 21,640ని ఏడేళ్లకు పంచితే రోజుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు వస్తుంది. ఆఫీసు దగ్గరే ఉన్న మనిషికి ఇది జరగని విషయమేమీ కాదు. అందుకని ఈ అంకెను ముందే అబద్ధమని కొట్టిపారేయకూడదు, అలాగని నమ్మేయనూ కూడదు. మిగతా సాక్ష్యం చూశాక తేల్చుకోవాలి.

బండి చూడటానికి ఉదయం పూట, ఇంజన్ చల్లగా ఉండగా వెళ్లాలి. ముందు రోజే ఫోన్ చేసి బండిని కడగవద్దనీ, తాము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దనీ చెప్పాలి. వేడెక్కిన ఇంజన్ స్టార్టింగ్ లోపాలను దాచేస్తుంది, వాటర్ సర్వీసింగ్ ఆయిల్ మరకలను దాచేస్తుంది. వెళ్లి సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టేసరికి వెచ్చగా ఉంటే కాసేపు ఆగైనా చల్లారనివ్వాలి, లేదా ఇంకోరోజు రావాలి.

మొదట చూడాల్సింది నంబర్లు. ఇవి కలవకపోతే మిగతా పరీక్షతో పనే లేదు. ఛాసిస్ నంబరు హ్యాండిల్ తిరిగే గొట్టం పక్కన, ఫ్రేము ఉక్కు మీద కొట్టి ఉంటుంది. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి టార్చ్ వేస్తే కనిపిస్తుంది. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. హీరో బండి అయితే మొదటి మూడూ ఎం, బి, ఎల్. పదో స్థానంలోని అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: హెచ్ అంటే 2017, జె అంటే 2018, కె అంటే 2019. ఐ అనే అక్షరం ఒకటి అంకెలా కనబడుతుంది కనుక దాన్ని వాడరు. మన ఉదాహరణలోని బండికి పదో స్థానంలో జె ఉంది, ఆర్‌సీలో తయారీ సంవత్సరం 2018 అని ఉంది. ఇక్కడికి లెక్క కుదిరింది.

ఇంజన్ నంబరు ఎడమవైపు, గేర్ లివర్ దగ్గర్లో, ఇంజన్ అడుగు కేసింగ్ అయిన క్రాంక్ కేసు కింది భాగంలో ఉంటుంది. అక్కడ మట్టి, చైన్ నుంచి చిమ్మిన ఆయిల్ గడ్డకట్టి ఉంటాయి కాబట్టి కిరోసిన్ గుడ్డతో తుడిస్తే గానీ కనపడదు. ఆ నంబరును ఆర్‌సీ కార్డులోని నంబరుతో ఒక్కో అక్షరం చొప్పున పోల్చాలి. ఫోన్‌లో ఎం పరివాహన్ యాప్ తెరిచి రిజిస్ట్రేషన్ నంబరు కొడితే మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. కార్డు మీద అచ్చయినదీ యాప్‌లో కనిపించేదీ రెండూ ఒకటే చెప్పాలి.

నంబరు కలవడం ఒక ఎత్తు, ఆ నంబరు అసలుదేనా అన్నది ఇంకో ఎత్తు. దీన్ని తేల్చడానికి ఆర్టీఏ కాగితాల కోసం తీసే పెన్సిల్ ప్రింటే మంచి సాధనం. పల్చటి కాగితం నంబరు మీద ఆనించి, పెన్సిల్ ముక్కును ఏటవాలుగా పెట్టి రుద్దాలి. కంపెనీలో కొట్టిన నంబర్లు ఒకే లోతులో, ఒకే ఎడంతో, ఒకే వరుసలో పడతాయి. చేత్తో సుత్తి పట్టి కొట్టినవైతే ఒక అంకె లోతుగా, పక్కది పైపైన, మరొకటి కాస్త పక్కకు ఒరిగి ఉంటాయి. కంటికి తెలియని ఈ తేడా కాగితం మీద స్పష్టంగా వస్తుంది. నంబరు చుట్టూ ఉన్న లోహాన్ని కూడా చూడాలి. క్రాంక్ కేసు అల్యూమినియం పోతలో వచ్చే సన్నటి గరుకుదనం ఒక్క ఆ చోట మాయమై నున్నగా ఉంటే, లేదా సన్నటి గీతలు ఒకే దిక్కుకు ఉంటే, అక్కడ గ్రైండర్ పడిందేమో అనుమానించాలి. ఛాసిస్ మీదైతే నంబరు ఉన్న చోట మాత్రమే రంగు మందంగా ఉండటం, చుట్టూ వెల్డింగ్ అంచు తగలడం చూడాలి.

అరగదీసినంత మాత్రాన పాత నంబరు పూర్తిగా పోదని కూడా తెలిసి ఉండటం మంచిది. అచ్చు కొట్టినప్పుడు ఆ దెబ్బకు కింద ఉన్న లోహం కూడా అణిగిపోతుంది. పైపొర తీసేసినా, ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఆమ్లం పూస్తే అణిగిన చోటు, అణగని చోటు వేర్వేరుగా కరిగి పాత అంకెలు చాలాసార్లు బయటపడతాయి. అంటే దొంగ బండి సంగతి ఎప్పుడైనా తేలవచ్చు, తేలిన రోజున బండి ఎవరి దగ్గరుంటే పోలీసులు వాళ్ల దగ్గరికే వస్తారు. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ వర్తిస్తుంది.

ఇంజన్ నంబరు కలవని ప్రతి బండీ దొంగ బండే అనలేం. కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్ కేసు పగిలితే కేసింగ్ మొత్తం మార్చాల్సి వస్తుంది. అలా మార్చినప్పుడు ఆర్టీఏకు తెలిపి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. చాలామంది ఆ పని చేయరు. కారణం నిజాయితీదే కావచ్చు, కానీ కొనేవారికి కష్టం మాత్రం ఒకటే: పేరు మార్పు ఆగిపోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి కారణం దొరుకుతుంది. ఆర్‌సీ సరిచేయించి ఇస్తేనే మాట్లాడదామని చెప్పి వెనక్కి రావడమే సరైన పని. మన స్ప్లెండర్‌లో రెండు నంబర్లూ కలిశాయి, పెన్సిల్ ప్రింట్ శుభ్రంగా వచ్చింది.

ఇక మీటరు. ముళ్ల మీటరు ఉన్న బైకుల్లో చాలావాటికి ముందు చక్రం దగ్గర ఉన్న చిన్న గేరు ఒక కేబుల్‌ను తిప్పుతుంది, ఆ కేబుల్ మీటరును తిప్పుతుంది. కేబుల్ విప్పేస్తే బండి ఎంత తిరిగినా అంకె కదలదు. అంకెల చక్రాలను వెనక్కి తిప్పడం కూడా జరుగుతుంది. అలా చేసిన చోట అంకెలు ఒక గీతలో లేకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి కనిపిస్తాయి, మీటరు స్క్రూల తలలు నలిగి ఉంటాయి. అయితే మోసం కంటే ఎక్కువగా జరిగేది వేరే ఉంది. కేబుల్ తెగిపోతుంది, యజమాని నెలల తరబడి పట్టించుకోడు. లేదా మీటరే పాడై, బయటి మార్కెట్‌లో కొత్తది వేయిస్తాడు, అది సున్నా నుంచి మొదలవుతుంది. ఇందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు, కానీ మీటరులోని అంకెకూ బండి తిరిగిన దూరానికీ సంబంధం తెగిపోతుంది. కొత్త మోడళ్లలోని డిజిటల్ మీటర్లలో లెక్క ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది. దాన్ని మారిస్తే స్క్రూ గుర్తు కూడా మిగలకపోవచ్చు. అక్కడ కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డే దిక్కు. ప్రతి సర్వీస్‌కూ కిలోమీటర్లు కంప్యూటర్‌లో ఎక్కుతాయి కాబట్టి, యజమాని చేతనే ఫోన్ చేయించి ఆ వివరాలు అడిగించాలి.

మన బండి మీటరును చూద్దాం. అంకెలు వరుసగానే ఉన్నాయి, స్క్రూలు బాగానే ఉన్నాయి. కానీ మీటరు అద్దం కొత్తదిలా తళతళలాడుతోంది, దాని చుట్టూ ఉన్న డూమ్ ప్లాస్టిక్ మాత్రం ఏడేళ్ల ఎండకు వెలిసిపోయి ఉంది. రెండూ ఒకే ఎండలో, ఒకే చోట ఉన్నవి. ఒకటి మాత్రమే వెలవకుండా ఎలా ఉంటుంది? మీటరు మారిందన్న అనుమానం ఇక్కడ మొదలవుతుంది.

తరువాత టైర్లు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3022 అంటే 2022లో 30వ వారం. మన బండి వెనక టైరు మీద ఇదే ఉంది, పైగా అది గాడుల మధ్య ఉండే అరుగుదల గట్ల దాకా అరిగిపోయింది. ముందు టైరు మీద 1021 ఉంది. రోజుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు తిరిగే బండికి ముందు టైరు మార్చే అవసరం సాధారణంగా రాదు. పైగా 2022 తర్వాత వేసిన వెనక టైరు మళ్లీ అరిగిపోయిందంటే, ఆ ఒక్క టైరే మీటరు చూపిస్తున్న మొత్తంలో పెద్ద భాగం తినేసి ఉండాలి. వెనక బ్రేక్ పెడల్ మీది గరుకు గాడులు నున్నబడి మెరుస్తున్నాయి, గేర్ లివర్ రబ్బరు లోపలి ఇనుము కనిపించేలా గుంటపడింది. హ్యాండిల్ గ్రిప్పులు మాత్రం కొత్తవి. అమ్మే ముందు గ్రిప్పులు, సీటు కవర్ మారుస్తారు గానీ పెడల్ మార్చాలని ఎవరికీ తోచదు. అందుకే పెడల్ సాక్ష్యానికి విలువ ఎక్కువ.

తేల్చి చెప్పే ఆధారం సైడ్ కవర్ లోపల దొరికింది. వీధి మెకానిక్‌లు ఆయిల్ మార్చినప్పుడు తేదీ, కిలోమీటర్లు రాసి ఒక చిన్న స్టిక్కర్ అంటిస్తారు. ఇందులో 2021 మార్చి, 41,200 అని ఉంది. బండి రోడ్డెక్కి అప్పటికి 31 నెలలు. అంటే నెలకు 1,300 కిలోమీటర్ల పైన, రోజుకు 43 పైన. ఆ తర్వాత వెంటనే మీటరు మార్చారనుకుని, అది ఒక్కరోజు కూడా ఆగలేదనుకున్నా, 41,200కు 21,640 కలిపితే 62,840. ఇది తక్కువలో తక్కువ లెక్క. అదే వేగంతో ఏడేళ్లూ తిరిగి ఉంటే లక్ష దాటిపోయి ఉంటుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. 62 వేలు తిరిగిన స్ప్లెండర్ పనికిరాని బండేమీ కాదు. ఆయిల్ వేళకు మారిస్తే ఈ ఇంజన్లు అంతకుమించి తిరుగుతాయి. కానీ 21 వేల బండి ధరకు 62 వేల బండిని కొనకూడదు.

టెస్ట్ రైడ్‌లో ఇంకో చిన్న పని చేయాలి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని రెండు కిలోమీటర్లు వెళ్లి, మీటరు కూడా రెండే తిరిగిందో లేదో చూడాలి. నడుస్తూ ఆగుతూ ఉండే మీటరు ఇక్కడ దొరికిపోతుంది.

ఆయిల్ లీకుల విషయంలో జనం అనవసరంగా భయపడేదీ ఎక్కువే, చూడాల్సింది చూడకుండా వదిలేసేదీ ఎక్కువే. గాస్కెట్ అంచున దుమ్ము అంటుకున్న సన్నటి చెమ్మ ఏడేళ్ల బండికి సాధారణం. చుక్క కట్టి కింద పడుతుంటే అది లీకు. అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ గాలికి వెనక్కి, బరువుకు కిందికి పోతుంది. చుక్క పడే చోటు, కారే చోటు ఒకటి కావు. తడి ఉన్న భాగంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న బిందువును వెతకాలి. ఆ జాయింటును శుభ్రంగా తుడిచి టాల్కం పౌడర్ చల్లి, ఇంజన్ పది నిమిషాలు నడిపితే తెల్లటి పొడి మీద గీత పడిన చోటే మూలం.

మూలాన్ని బట్టి ఖర్చు మారుతుంది. గేర్ షాఫ్ట్ సీలు, కిక్ షాఫ్ట్ సీలు, ట్యాపెట్ కవర్ రింగు చిన్న పనులు. హెడ్‌కూ సిలిండర్ బ్లాకుకూ మధ్య కారితే హెడ్ విప్పాలి. డ్రెయిన్ బోల్టు దగ్గర కారుతూ, బోల్టు చుట్టూ టేపో పేస్టో కనిపిస్తే క్రాంక్ కేసులో మరలు పోయాయని అర్థం, ఆయిల్ మార్చిన ప్రతిసారీ అది ఇబ్బంది పెడుతుంది. మన బండిలో కుడివైపు క్లచ్ కవర్ అంచు చుట్టూ సిలికాన్ పేస్టు సన్నగా పొంగి ఉంది. కంపెనీ గాస్కెట్ అలా బయటికి పొంగదు. ఆ కవర్ ఎప్పుడో విప్పారు. క్లచ్ ప్లేట్లు మార్చడానికే విప్పి ఉండవచ్చు, 62 వేల లెక్కకు అది సరిపోతుంది, 21 వేల లెక్కకు అంతగా సరిపోదు.

కారని ఆయిల్‌ను కూడా చూడాలి, అంటే లోపల కాలిపోయేదాన్ని. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలంగా ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగాయి. వేడెక్కాక యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు పోయినట్టు. చలికాలం ఉదయం కాసేపు వచ్చే తెల్లటి ఆవిరికి భయపడనక్కర్లేదు. ఆయిల్ మూత విప్పితే లోపల పాల రంగు నురగ కనిపించడం వేరే సంగతి, నీరు కలిసిందన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన బైకుల్లాంటివి బాగు చేయించుకుని వేరే ఊళ్లలో అమ్మకానికి రావచ్చు. హెడ్‌లైట్ లోపల, సీటు కింద వైరింగ్ సందుల్లో ఎండిన ఒండ్రు పొర ఉందేమో వెతకాలి.

ప్రమాదం జరిగిన గుర్తుల దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇందులో పోయేది డబ్బు ఒక్కటే కాదు. పక్కకు పడిన బండి వేరు, ఎదురుగా గుద్దుకున్న బండి వేరు. ఇసుకలో జారి పడితే లివర్ చివర, ఫుట్‌రెస్ట్, సైలెన్సర్ పక్క, ఇండికేటర్ గీసుకుపోతాయి. చూడటానికి అసహ్యంగా ఉన్నా బండి నడకకు హాని చేయవు. ముందు చక్రంతో దేన్నయినా గుద్దితే ఆ శక్తి చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల గుండా హ్యాండిల్ తిరిగే గొట్టానికి, అక్కడి నుంచి ఫ్రేముకు పాకుతుంది. ఫోర్కులు మార్చవచ్చు, డూమ్ మార్చవచ్చు, రంగు వేయవచ్చు. వంగిన ఫ్రేము మాత్రం మామూలుగా ఎవరూ మార్చరు, బెండు తీయించి ఊరుకుంటారు. ఒకసారి వంగి, మళ్లీ తిన్నగా చేసిన గొట్టంలో వెల్డింగ్ పక్కన పగులు మొదలయ్యే అవకాశం ఉంటుంది.

దీన్ని దాచలేని చోటు ఒకటి ఉంది. హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పినప్పుడు ఇంకా తిరగకుండా ఆపే చిన్న ఇనుప దిమ్మెలు, ఫోర్కులను కలిపి పట్టే కింది టీ దగ్గర, ఫ్రేము మీద ఉంటాయి. గట్టిగా పడినప్పుడు హ్యాండిల్ ఒక్కసారిగా తిరిగి వాటిని బలంగా కొడుతుంది, అవి నలుగుతాయి లేదా విరుగుతాయి. రంగు వేసేవాళ్లు అక్కడిదాకా చూడరు. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పి ట్యాంకుకూ హ్యాండిల్‌కూ ఎన్ని వేళ్ల సందు ఉందో కొలవాలి, తర్వాత కుడివైపు కొలవాలి. మన బండిలో ఎడమవైపు మూడు వేళ్లు పడుతున్నాయి, కుడివైపు ఒక్క వేలే. టార్చ్ వేసి చూస్తే కుడి దిమ్మె అంచు నలిగి ఉంది.

తర్వాత మెయిన్ స్టాండ్ వేసి, వెనక క్యారియర్ మీద ఒకరు బరువు వేస్తే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ను వేళ్లతో నెమ్మదిగా తిప్పాలి. సరిగ్గా మధ్యలో ఎక్కడో గాడిలో పడ్డట్టు ఆగితే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే బాల్ రేసర్లలో గుంటలు పడ్డాయి. ఎక్కువ తిరిగిన బండిలోనూ ఇది వస్తుంది, దెబ్బ తగిలిన బండిలోనూ వస్తుంది కనుక దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు. ఫోర్కు గొట్టాలను కింది టీకి దిగువన వేలితో తడమాలి. ఒకటి పాత మెరుపుతో, ఒకటి కొత్త మెరుపుతో ఉంటే ఒకటి మార్చారు. ముందు చక్రానికీ ఇంజన్‌కూ మధ్య సందు, పక్కన అదే మోడల్ బండి ఉంటే దానితో పోల్చాలి. ఫోర్కులు వెనక్కి వంగితే ఈ సందు తగ్గుతుంది.

చివరిది దారం పరీక్ష. ఒకరు బండిని నిటారుగా పట్టుకుని, హ్యాండిల్ తిన్నగా ఉంచాలి, స్టాండ్ వేయకూడదు. సన్నటి దారాన్ని నేలకు అరజానెడు ఎత్తులో వెనక టైరు రెండు అంచులకూ ఆనేలా పెట్టి ముందు టైరు దాకా లాగాలి. రెండు పక్కలా ఇలాగే చేయాలి. టైర్లు ఒకే వెడల్పువైతే దారం ముందు టైరుకు రెండు పక్కలా ఆనాలి, ముందుది సన్నదైతే రెండు పక్కలా ఒకే సందు ఉండాలి. చైన్ బిగించేటప్పుడు వెనక చక్రం కాస్త వంకరగా పెట్టినా తేడా వస్తుంది కాబట్టి, ముందుగా వెనక చక్రం ఇరుసు దగ్గరున్న గీతలు రెండు పక్కలా ఒకే చోట ఉన్నాయో లేదో చూసుకోవాలి. మన బండిలో గీతలు సమానంగానే ఉన్నాయి. అయినా ఎడమవైపు దారం టైరును ఒరుసుకుంటే, కుడివైపు దాదాపు వేలెడు వెడల్పు సందు తేలింది.

కాగితాల్లో కూడా దీనికి జాడ ఉండవచ్చు. సొంత బండి నష్టానికి కూడా పాలసీ ఉంటే, క్లెయిమ్ లేని ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ పెరుగుతుంది. ఏళ్ల తరబడి తెగకుండా కట్టిన పాలసీలో ఈ బోనస్ సున్నాకు పడిపోయి ఉంటే క్లెయిమ్ జరిగిందేమో అడగాలి. థర్డ్ పార్టీ మాత్రమే కట్టిన బండికి ఈ జాడ దొరకదు, మన బండికీ దొరకలేదు.

ట్యాంకు ఎత్తి చూపించమని అడగడం ఇక్కడ న్యాయమే. మెకానిక్‌కు అది కొద్ది నిమిషాల పని. ట్యాంకు కింద, హ్యాండిల్ గొట్టానికి ఫ్రేము అతుక్కునే చోట కంపెనీ రంగు పగలకుండా ఉండాలి. ఈ బండిలో అక్కడ రంగు తాజాగా ఉంది, దాని కింద గొట్టం మీద వేలికి తగిలేంత ముడత ఉంది. మీటరు తేడాకు ధర తగ్గించుకోవచ్చు, క్లచ్ కవర్ పేస్టుకు ఇంకాస్త తగ్గించుకోవచ్చు, బాల్ రేసర్లు మార్పించుకోవచ్చు. ఈ ముడతకు మాత్రం తగ్గింపు అడగడంలో అర్థం లేదు, బండి వదిలేయాలి. అదే ముడత లేకుండా, దారం సరిగ్గా ఉండి, మీటరు తేడా ఒక్కటే ఉంటే 62 వేల పైన తిరిగిన బండికి ఊళ్లో ఏ ధర నడుస్తోందో ఆ ధరకు బేరం మొదలుపెట్టవచ్చు. అప్పుడు డబ్బు చేతులు మారే రోజునే పేరు మార్పుకు కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకుని, ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే దాన్ని తీసేయించే ఫారం 35, ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ కూడా చేతికి వచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వాలి.